ఎవరయ్యా రాస్తోంది?

ఏ వారపత్రికనైనా చేతిలోకి తీసుకుని తిరగేయండి. ఏదో ఒక పేజీ అడుగున, కళ్లజోడు లేకుండా చదవలేనంత చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంటుంది. అచ్చువేసింది ఎవరు, ప్రచురించింది ఎవరు, ఎక్కడ, సంపాదకుడు ఎవరు అన్నది ఆ లైను. కథలు, సీరియళ్లు, వారఫలాలు చదివేవాళ్లు చాలామంది దాన్ని చూడనే చూడరు. కానీ అది లేకుండా పత్రిక బయటికి రావడానికి వీల్లేదు. 1867లో తెల్లవాళ్లు తెచ్చిన చట్టం నుంచీ మన దేశంలో అచ్చయ్యే పత్రిక మీద ప్రింటరు పేరు, ఊరు ఉండి తీరాలి. అది చాలదన్నట్టు 1956 నాటి నిబంధనల ప్రకారం ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే మొదటి సంచికలో పత్రికలు ‘ఫారం 4’ అని ఒక ప్రకటన వేస్తూ వచ్చాయి. పత్రిక ఎన్నాళ్లకోసారి వస్తుంది, సంపాదకుడు ఎవరు, యజమాని ఎవరు, పెట్టుబడిలో నూటికి ఒక వంతు కన్నా ఎక్కువ వాటా ఎవరెవరిది అని అందులో చెప్పాలి.

మదనపల్లెలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ చాలా ఏళ్లు గడిపాను కాబట్టి ఈ సంగతులు నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు ప్రెస్సు లేదు, ప్రూఫులూ లేవు. కానీ సొంతంగా బ్లాగులు రాసుకునే కుర్రాళ్లు, మేష్టర్లు ‘ఒకసారి చూసిపెట్టు సార్’ అని వస్తుంటారు. తప్పులు దిద్దుతాను. దిద్దాక ఒక ప్రశ్న అడుగుతాను: ‘ఇది రాసింది ఎవరని ఎక్కడ రాశావు?’ చాలామంది దగ్గర సమాధానం ఉండదు. బ్లాగుకు ప్రింటరు లేడు, రిజిస్ట్రారు లేడు, ఫారం 4 లేదు. రాసేవాడు తనంతట తాను చెప్పుకుంటేనే పాఠకుడికి తెలుస్తుంది. ఆ చెప్పుకునే చోటే అబౌట్ పేజీ. అంటే ‘ఈ బ్లాగు గురించి’ అన్న పేజీ.

మొన్నీమధ్య అలా వచ్చిన మూడు పేజీల గురించి చెబుతాను. ఒకటి మదనపల్లెది, ఒకటి పుంగనూరుది, ఒకటి కుప్పానిది.

మదనపల్లె కుర్రాడిది టమోటా ధరల బ్లాగు. రోజూ పొద్దున మార్కెట్ యార్డుకు వెళ్తాడు. వేలం చూసి, ఇంటికొచ్చి ధర రాసి పెడతాడు. మా ఊరి టమోటా మార్కెట్ సంగతి మీకు తెలిసిందే. 2023 జులైలో కిలో రెండొందలకు దగ్గరగా వెళ్లినప్పుడు దేశమంతా మదనపల్లె పేరు వినబడింది. అదే టమోటాను అడిగే దిక్కులేక రోడ్డు పక్కన పారబోసిన ఏడాదులూ ఉన్నాయి. అలాంటి చోట ధర రాయడమంటే ఆషామాషీ కాదు. ఆ రాత చదివి ఒక రైతు ‘ఈరోజు కోయిద్దామా, రేపటికి ఆపుదామా’ అని తేల్చుకుంటాడు. కోత కూలి, బాడుగ, కమిషన్ అన్నీ ఆ ఒక్క అంకె మీద ఆధారపడి ఉంటాయి.

ఆ అబ్బాయి మొదట రాసుకొచ్చిన అబౌట్ పేజీ ఇది:

‘మా బ్లాగుకు స్వాగతం, సుస్వాగతం. రైతు సేవే మా ధ్యేయం. నిజమైన, నాణ్యమైన, వేగవంతమైన సమాచారాన్ని అందించడమే మా లక్ష్యం. మమ్మల్ని ఆదరించండి, ఆశీర్వదించండి.’

తప్పులేమీ లేవు. అక్షరదోషం ఒక్కటీ లేదు. కానీ ఇందులో ‘రైతు’ అన్న మాట తీసేసి ‘భక్తుల’ అని పెడితే పంచాంగం బ్లాగుకు సరిపోతుంది. ‘విద్యార్థి’ అని పెడితే కోచింగ్ సెంటరుకు సరిపోతుంది. అబౌట్ పేజీని పరీక్షించడానికి నాకు తెలిసిన మొదటి పద్ధతి ఇదే. ఒక మాట మార్చి చూడాలి. మార్చినా పేజీ చెక్కుచెదరకుండా నిలబడితే, ఆ పేజీ ఏమీ చెప్పలేదని అర్థం.

“‘మా’ అంటే ఎవరెవరబ్బా?” అని అడిగాను.

“నేనొక్కడినే సార్. ‘మేము’ అంటే పెద్ద సంస్థలాగా ఉంటుందని...”

“పెద్ద సంస్థ అనుకుని వచ్చినవాడు, ఒక్కడే ఉన్నాడని తెలిశాక ఏమనుకుంటాడు?”

నవ్వి ఊరుకున్నాడు. ‘మేము’ పోయి ‘నేను’ వచ్చింది. ఒక్కడే రోజూ యార్డుకు పోయి చూస్తాడంటే అది తక్కువేమీ కాదు. దాచిపెట్టాల్సిన పని అసలే లేదు.

తరవాత ధర సంగతికి వచ్చాం. అతను పోస్టుల్లో ‘ఈరోజు బాక్సు 600’ అని రాస్తున్నాడు. మదనపల్లెలో బాక్సంటే పెద్దది. దాదాపు 25 నుంచి 30 కిలోలు పడుతుంది. పక్కనే కర్ణాటకలో కోలారు మార్కెట్ ఉంది. అక్కడ బాక్సంటే 15 కిలోలు. ములకలచెరువు రైతు ‘బాక్సు 600’ చూస్తే కిలో 20 రూపాయలని అనుకుంటాడు. కోలారు వైపు సరుకు పంపే అలవాటున్న రైతు అదే అంకె చూసి కిలో 40 అని అనుకుంటాడు. రాసినవాడు అబద్ధం చెప్పలేదు. చదివినవాడు తప్పుగా చదవలేదు. అయినా ఇద్దరి మధ్యా సగానికి సగం తేడా వచ్చేసింది. ఇలాంటి కొలమానాన్ని ప్రతి పోస్టులోనూ విడమరిచి చెబుతూ కూర్చోలేం. ఒకసారి చెప్పి, అందరూ చూసే చోట పెట్టాలి. అబౌట్ పేజీకి అసలు పని ఇక్కడుంది.

ఇంకో చిక్కు ‘టాప్ రేటు’. వేలంలో ఒక రైతు తెచ్చిన మొదటి రకం కాయకు, అదీ కొద్ది బాక్సులకే, పలికిన ధరను పట్టుకుని అదే మార్కెట్ ధర అన్నట్టు వాట్సాప్‌లో తిప్పుతుంటారు. రెండో రకం తెచ్చినవాడు ఆ ధర ఊహించుకుని వచ్చి, దిగాలుగా ఇంటికి పోతాడు. కేంద్ర ప్రభుత్వం నడిపే agmarknet.gov.in సైటులో ప్రతి మార్కెట్‌కూ మూడు ధరలు ఇస్తారు. కనిష్ఠం, గరిష్ఠం, మూడోది ‘మోడల్’ ధర. ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడుపోయిందో అది మోడల్ ధర. అవి క్వింటాల్ లెక్కలో ఉంటాయి కాబట్టి నూటితో భాగిస్తే కిలో ధర వస్తుంది. మన అబ్బాయి ఏ ధర రాస్తున్నాడో ముందే చెప్పేస్తే, పాఠకుడు ఆ సైటుతో పోల్చి చూసుకోవచ్చు.

రెండు సాయంత్రాలు కూర్చున్నాం. చివరికి తయారైన పేజీ ఇది:

‘ఈ బ్లాగు రాసేది నేనొక్కడినే. మాది టమోటా పండించే ఇల్లు. మదనపల్లె మార్కెట్ యార్డులో పొద్దున వేలం నా కళ్లతో చూసి, అదేరోజు ధర రాస్తాను. నేను వెళ్లని రోజు ధర ఉండదు. ఎవరో చెప్పగా విన్నది రాయను.

ధరలన్నీ కిలో లెక్కలో రాస్తాను, బాక్సు లెక్కలో కాదు. మొదటి రకానికి, రెండో రకానికి విడివిడిగా, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర ఇస్తాను. ఒకటి రెండు లాట్లకు పలికిన టాప్ రేటు రాయను.

రేపు ధర పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది చెప్పను. నాకు తెలియదు.

నాకు మండీ లేదు. ఏ మండీ నుంచీ, విత్తనాల కంపెనీ నుంచీ డబ్బు తీసుకోను. ధర తప్పుగా ఉందనిపిస్తే కింది మెయిల్‌కు రాయండి. దిద్దితే, దిద్దానని అదే పోస్టులో చెబుతాను.’

ఇందులో స్వాగతం లేదు, సేవ లేదు, ఆశీర్వచనం లేదు. ఒక్కో వాక్యం పాఠకుడు పరీక్షించుకోగలిగిందే. యార్డుకు వెళ్లని రోజు ధర పెట్టాడా లేదా? పోస్టులో కిలో లెక్క ఉందా లేదా? తప్పు దిద్దినప్పుడు ఆ సంగతి చెప్పాడా లేదా? నమ్మకం ఇలాగే కుదురుతుంది. ‘నన్ను నమ్మండి’ అనడం వల్ల కాదు, ‘ఇదిగో, ఇక్కడ పట్టుకోండి నన్ను’ అనడం వల్ల.

‘చెప్పను’, ‘రాయను’ అన్న మాటలు గమనించండి. ఏం దొరుకుతుందో చెప్పడం సులువు. ఏం దొరకదో చెప్పడానికే చెయ్యి ఆడదు. ‘రేపటి ధర చెప్పను అంటే ఎవరొస్తారు సార్’ అని అతను చాలాసేపు గునిశాడు. రేపటి ధర కోసం వచ్చేవాడు మొదటి రోజే వెళ్లిపోతాడు, నిజమే. కానీ వాడు ఎలాగూ నాలుగో రోజు తిట్టుకుంటూ పోయేవాడే. ఈరోజు ధర కోసం వచ్చేవాడు మాత్రం వచ్చిన చోటే నిలబడతాడు.

రెండోది పుంగనూరు పేజీ. ఇక్కడ చిక్కు వేరు.

పుంగనూరు పొట్టి ఆవుల గురించి ఈమధ్య తెలియనివాళ్లు లేరు. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో వాటికి మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక ఆ పేరు ఇంకా మోగిపోయింది. పిలుపు పెరిగితే నకిలీలు పెరుగుతాయి. ఎక్కడో పుట్టిన పొట్టి దూడను కూడా పుంగనూరు అని అంటగట్టడం మొదలవుతుంది. ఇంట్లో రెండు పుంగనూరు ఆవులున్న ఒకాయన వాటి మేత గురించి, ఈత గురించి, జాతి లక్షణాల గురించి చక్కగా రాస్తున్నాడు. వచ్చే మెయిళ్లు మాత్రం అన్నీ ఒకటే రకం: ‘ధర ఎంత? ఎక్కడ దొరుకుతుంది? మీరు ఇప్పిస్తారా?’

“పోస్టులో యాడా అమ్ముతానని రాయలేదన్నా. అయినా అందరూ నన్ను బ్రోకరనే అనుకుంటాండారు” అన్నాడు.

అమ్ముతానని రాయకపోవడం వేరు, అమ్మనని రాయడం వేరు. ఖాళీగా వదిలిన చోటును పాఠకుడు తనకు తోచినట్టు నింపుకుంటాడు. పైగా ఆవుల గురించి ఇంత మంచిగా రాసేవాడికి ఏదో లాభం ఉండే ఉంటుందన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అందుకని ఆయన పేజీలో మొదటి పేరానే ఇలా మొదలుపెట్టించాను: ‘మా ఇంట్లో రెండు పుంగనూరు ఆవులున్నాయి. నేను ఆవులు అమ్మను, కొనిపెట్టను, ఎవరి దగ్గరికీ పంపను. పశువైద్యుణ్ని కాను. జబ్బు చేసిన పశువు గురించి అడిగితే డాక్టరును పిలవమనే చెబుతాను.’

ఆ తరవాత, ఆయనకు తెలిసింది ఎలా తెలుసో రాయించాను. తన ఆవుల్ని చూసి తెలుసుకున్నది ఎంతవరకు, చదివి తెలుసుకున్నది ఎంతవరకు అని విడదీశాం. రెండు ఆవుల అనుభవం రెండు ఆవుల అనుభవమే. దాన్ని జాతి మొత్తానికి పులమకూడదు. జాతి లక్షణాలు కావాలన్నవాళ్లకు ఈ జాతిని కాపాడుతున్న పలమనేరు పశు పరిశోధనా స్థానం దారి చూపించాం. తనకన్నా బాగా తెలిసిన చోటు పేరు చెప్పడం వల్ల రాసేవాడి విలువ తగ్గదు. ‘ఈయనకు తన హద్దు తెలుసు’ అని చదివేవాడికి అర్థమవుతుంది.

దాణా కంపెనీ ఒకటి ఆయనకు రెండు బస్తాలు ఉచితంగా పంపి, ‘వాడి చూసి రాయండి’ అంది. రాయొచ్చు. కానీ చెప్పి రాయాలి. కేంద్ర ప్రభుత్వం 2022 జూన్‌లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, డబ్బో వస్తువో తీసుకుని ఒక సరుకు గురించి మంచిగా చెబితే ఆ సంబంధాన్ని బయటపెట్టాలి. ఆయన దాన్ని అబౌట్ పేజీలో చేర్చి చేతులు దులుపుకుందామనుకున్నాడు. అది చాలదు. ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న సంస్థ ఆస్కి 2021లో ఇచ్చిన నియమాల్లో ఈ సంగతి ఉంది. పరిచయం పేజీలో మాత్రమే రాస్తే చదివేవాడు దాన్ని చూడకపోవచ్చు. ఆ దాణా గురించి రాసిన పోస్టులోనే, పైనే, ‘ఈ దాణా కంపెనీ ఉచితంగా ఇచ్చింది’ అని ఉండాలి. అబౌట్ పేజీ చేయలేని పని ఇది. అక్కడ అలవాటు చెప్పాలి, పోస్టులో ఆనాటి సంగతి చెప్పాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాను. నమ్మకం కోసమని ఇంటి అడ్రసు, సొంత ఫోన్ నంబరు పెట్టనక్కర్లేదు. విలువైన ఆవులున్న ఇంటికి దారి ఊరందరికీ చెప్పడం ఎందుకు? పేరు, ఊరు, బ్లాగు కోసమే విడిగా తెరిచిన ఒక మెయిల్ అడ్రసు, ఆయనా ఆవూ కలిసి ఉన్న ఒక ఫొటో ఉంటే చాలు.

మూడోది కుప్పం. తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిసే మూల అది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ పెట్టడం ఊరికే కాదు. అక్కడి బడిపంతులమ్మ ఒకావిడ పల్లెల్లో వినబడే మాటలు ఏరి బ్లాగులో పెడుతోంది. ఆమె పేజీలో ‘ప్రతి సోమవారం కొత్త మాట’ అని ఉంది. కానీ బ్లాగులో చివరి పోస్టు రెండు నెలల కిందటిది. కొత్తగా వచ్చినవాళ్లకు ముందుగా కనిపించేది ఆ మాట, తరవాత కనిపించేది ఆ తేదీ. ఇక మిగతాది వాళ్లు చదవరు.

“పరీక్షలు వచ్చాయి సార్, పేపర్లు దిద్దాలి, ఏం చేసేది?” అంది.

“ఏమీ చేయొద్దమ్మా. గడిచిన ఆరు నెలల్లో ఎన్ని రాశారో లెక్కపెట్టండి” అన్నాను. తొమ్మిది ఉన్నాయి. ‘నెలకు ఒకటో రెండో మాటలు పెడతాను. పరీక్షల కాలంలో ఉండవు’ అని మార్చింది. ఎన్నాళ్లకోసారి రాస్తారో చెప్పేటప్పుడు రాయాలనుకున్న లెక్క కాదు, రాసిన లెక్క చెప్పాలి.

ఆమె దగ్గర ఇంకో సందేహం ఉంది. ఆ మాటలు చదివి కొందరు ‘ఇది తెలుగు కాదు, అరవం’ అని పోట్లాటకు వస్తారట. దానికీ అబౌట్ పేజీలోనే చోటు ఇచ్చాం. మాటను ఏ ఊళ్లో విన్నదీ రాస్తాననీ, పలికినట్టే రాస్తాననీ, అది ఏ భాష నుంచి వచ్చిందో తేల్చనని, భాషాశాస్త్రం చదవలేదనీ రాసింది. పోట్లాటలు పూర్తిగా ఆగవు. కానీ వచ్చినవాడికి ఆ పేజీ చూపించి ఊరుకోవచ్చు.

పేజీ రాసేశాక దాన్ని పెట్టే తీరులోనూ ఒక చిన్న మెలిక ఉంది. బ్లాగర్‌లో Pages లోకి వెళ్లి కొత్త పేజీకి తెలుగులో పేరు పెట్టి ప్రచురిస్తే, దాని లింకులో తెలుగు అక్షరాలు పోయి ఇలా వస్తుంది:

```
/p/blog-page.html
```

చూసినవాడికి అది ఏ పేజీయో తెలియదు. అందుకని ముందు పేరు About అని పెట్టి ప్రచురించాలి. లింకు ఇలా కుదురుతుంది:

```
/p/about.html
```

తరవాత లోపలికి వెళ్లి పేరును ‘ఈ బ్లాగు గురించి’ అని తెలుగులోకి మార్చుకోవచ్చు. పేరు మారినా లింకు మారదు. ఆ లింకును పైన మెనూలో పెట్టి వదిలేయకూడదు. ఫోనులో మెనూ మూడు గీతల వెనక దాక్కుంటుంది, మన పాఠకులు చూసేదేమో ఫోనులోనే. అందుకే ప్రతి పోస్టు చివర ‘రాసింది ఎవరు?’ అని ఒక చిన్న లింకు పెట్టమంటాను.

పేజీ అడుగున తేదీ ఉండాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది, పుంగనూరు, కుప్పం అప్పటికి చిత్తూరులోనే ఉన్నాయి. ఆ తరవాత కూడా ‘మాది చిత్తూరు జిల్లా మదనపల్లె’ అని ఉన్న బ్లాగులు ఎన్నో చూశాను. తేదీ ఉంటే చదివేవాడు అర్థం చేసుకుంటాడు. లేకపోతే, ఊరి జిల్లానే సరిగా రాయనివాడు మిగతాది ఏం సరిగా రాస్తాడని అనుకుంటాడు. పత్రికలకు ఫిబ్రవరి తరవాత ఫారం 4 ఉంటూ వచ్చినట్టే, మనమూ ఏడాదికోసారి ఆ పేజీ తీసి చదువుకుంటే సరిపోతుంది.

పోయిన వారం పుంగనూరు ఆయన ఫోన్ చేశాడు. పెద్దావు ఈనింది, కోడెదూడ. ఇంట్లో మూడో పశువుకు చోటు లేదు, ఎవరో తెలిసినవాళ్లు అడుగుతున్నారు, ఇచ్చేద్దామనుకుంటున్నాడు. “పేజీలో అమ్మనని రాసినాం కదన్నా, ఇప్పుడేం చేసేది?” అని అడిగాడు.

అమ్ముకోవచ్చు, అది ఆయన దూడ. ముందు పేజీ మార్చాలి, తరవాత బేరం. ఆ రాత్రే మార్చాడు: ‘మా ఇంట్లో పుట్టిన దూడను తప్ప వేరే ఆవులు అమ్మను. ఈ మాట ఇంతకుముందు వేరుగా ఉండేది.’ కింద తేదీ వేశాడు. మర్నాడు దూడను అడిగినవాళ్లకు ఫోన్ చేశాడు.